దోమలన్నీ చావక్కర్లేదు అన్నాడు రాస్: ఆ లెక్క ఎక్కడ మూగబోతుంది?

బేగంపేట పాత ఎయిర్‌పోర్టు వైపు వెళ్లేవాళ్లలో చాలామంది గమనించని ఒక పాత బంగళా ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉన్న సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ అది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్ రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన ఒక దోమ కడుపు గోడలో పరాన్నజీవిని మైక్రోస్కోప్ కింద చూశాడు. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. మలేరియా దోమ ద్వారా వస్తుందనడానికి దొరికిన తొలి గట్టి ఆధారం అదే. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.

ఇంతవరకు స్కూల్ పుస్తకంలో ఉన్నదే. ఆ తర్వాత రాస్ ఏం చేశాడన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. ఆయన కూర్చుని డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రాశాడు.

ఎందుకంటే, దోమే కారణమని తేలాక వెంటనే ఒక పెద్ద గొడవ మొదలైంది. "సరే, దోమే కారణం. అయితే ఏం చేస్తాం? దేశంలో ఉన్న దోమలన్నిటినీ చంపగలమా?" అని అడిగినవాళ్లు చాలామంది. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో దోమల్ని తగ్గించే ప్రయత్నం చేసి, పెద్దగా లాభం లేదని తేల్చేశారు. రాస్ ఒప్పుకోలేదు. అన్నిటినీ చంపక్కర్లేదు, మనిషికి ఇన్ని అనే ఒక హద్దు కిందకు దోమల సంఖ్య పడిపోతే చాలు, మలేరియా దానంతటదే పోతుంది అన్నాడు. ఊరికే అనలేదు. 1908లో మారిషస్ మీద ఇచ్చిన రిపోర్టులో లెక్క మొదలుపెట్టి, 1911లో మలేరియా నివారణ మీద తన పుస్తకం రెండో ముద్రణలో సమీకరణాల రూపంలో పెట్టాడు.

ఆ సమీకరణాలు నాన్‌లీనియర్. చేత్తో పూర్తిగా సాధించడం కష్టం. కానీ మనకు కావలసింది పూర్తి జవాబు కాదు, ఒక్క ప్రశ్నకు జవాబు: ఊళ్లో మలేరియా దాదాపు లేనప్పుడు, నలుగురైదుగురు రోగులు వస్తే, జబ్బు చల్లారిపోతుందా, అంటుకుంటుందా? ఈ ప్రశ్నకు వాడే పనిముట్టు పేరు లీనియరైజేషన్. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకు జాకోబియన్, ఐగెన్ విలువలు అనగానే గుర్తొస్తుంది. ఆ పనిముట్టు ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ "నాకు తెలీదు" అంటుందో, ఈ దోమల లెక్కలోనే చూద్దాం.

రెండే రెండు లైన్లు

ఊళ్లో జబ్బుతో ఉన్న మనుషుల వాటా x అనుకోండి. వందలో నలుగురికి ఉంటే x విలువ 0.04. దోమల్లో పరాన్నజీవి ఉన్నవాటి వాటా y. ఒక మనిషికి సగటున ఎన్ని దోమలున్నాయో అది m. మిగతా అంకెలు మాట్లాడుకోవడానికి వీలుగా నేనే గుండ్రంగా తీసుకుంటున్నాను, ఏ ఊళ్లోనూ కొలిచినవి కావు: దోమ ఐదు రోజులకోసారి మనిషిని కుడుతుంది, అంటే రోజుకు 0.2 సార్లు. కుట్టినప్పుడు జబ్బు అటు నుంచి ఇటు గానీ ఇటు నుంచి అటు గానీ దాటే అవకాశం సగం. మనిషి కోలుకోవడానికి సగటున 100 రోజులు. దోమ ఆయుష్షు సగటున 10 రోజులు. అప్పుడు రాస్ సమీకరణాలు ఇలా ఉంటాయి:

```
dx/dt = 0.1·m·y·(1 − x) − 0.01·x
dy/dt = 0.1·x·(1 − y) − 0.1·y
```

మొదటి లైన్ చదవడం తేలిక. జబ్బు దోమలు (y), ఇంకా ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని (1 − x) కుడితే x పెరుగుతుంది. రోజుకు నూటికొకరు చొప్పున కోలుకుంటే తగ్గుతుంది. రెండోది దోమల వైపు నుంచి అదే కథ. కాకపోతే దోమ కోలుకోదు, చచ్చిపోతుంది, దాని బదులు పరాన్నజీవి లేని కొత్త దోమ పుడుతుంది.

x, y రెండూ సున్నా అయితే రెండు లైన్లూ సున్నా. అంటే ఏదీ మారదు. జబ్బే లేని ఊరు ఒక సమతాస్థితి. అది గిన్నె అడుగున ఉన్న గోలీ లాంటిదా, బోర్లించిన గిన్నె మీద నిలబెట్టిన గోలీ లాంటిదా అన్నదే మన ప్రశ్న.

ఇప్పుడు x, y రెండూ 0.01 అనుకోండి, వందలో ఒకరు. లైన్లలోని బ్రాకెట్లు విప్పితే x·y అనే ముక్క వస్తుంది. దాని విలువ 0.0001. అంటే x కన్నా, y కన్నా వంద రెట్లు చిన్నది. సున్నాకి ఇంకా దగ్గరికి వెళ్తే ఇంకా చిన్నది. కాబట్టి దాన్ని తీసి పక్కన పెట్టేద్దాం. మిగిలేది:

```
dx/dt ≈ −0.01·x + 0.1·m·y
dy/dt ≈  0.1·x  − 0.1·y
```

లీనియరైజేషన్ అంటే ఇంతే. ఆ నాలుగు అంకెల్ని 2×2 డబ్బాలో పెడితే దాన్ని జాకోబియన్ అంటారు. ఈ సరళమైన సిస్టమ్‌కు రెండు ప్రత్యేకమైన దిక్కులుంటాయి. ఒక్కో దిక్కులో కదలిక ఒక్కో వేగంతో పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఆ వేగాలే ఐగెన్ విలువలు. రెండూ నెగటివ్ అయితే చల్లారిపోతుంది. ఒక్కటి పాజిటివ్ అయినా అంటుకుంటుంది.

వాటిని విడివిడిగా కనుక్కోకుండానే గుర్తులు చెప్పొచ్చు. రెండు విలువల మొత్తం, డబ్బాలో మూల నుంచి మూలకున్న అంకెల మొత్తం: −0.11. ఎప్పుడూ నెగటివే. వాటి లబ్ధం 0.001 − 0.01m. ఇది పాజిటివ్ అయితే రెండూ నెగటివ్ కావలసిందే. నెగటివ్ అయితే ఒకటి పాజిటివ్. కాబట్టి హద్దు m = 0.1 దగ్గర ఉంది. పదిమందికి ఒక్క దోమ.

ఇదే జవాబు వేళ్ల మీద లెక్కపెట్టి కూడా రాబట్టొచ్చు. ఒక రోగి 100 రోజులు జబ్బుతో ఉంటాడు. ఆ కాలంలో అతన్ని m దోమలు రోజుకు 0.2 చొప్పున కుడతాయి, సగం కాట్లలో జబ్బు ఎక్కుతుంది. మొత్తం 10m దోమలు. ఒక్కో దోమ పది రోజుల్లో రెండుసార్లు కుడుతుంది, అందులో ఒకసారి అంటిస్తుంది. అంటే ఒక రోగి నుంచి 10m కొత్త రోగులు. కోవిడ్ రోజుల్లో టీవీలో రోజూ విన్న R0 ఇదే. ఇక్కడ R0 = 10m. ఒకటి కన్నా తక్కువైతే జబ్బు పోతుంది. రాస్ మాట నిజమే. దోమలన్నీ చావక్కర్లేదు.

రెండు అంకెలు వేసి చూద్దాం. m = 0.05 అయితే, అంటే ఇరవై మందికి ఒక దోమ అయితే, ఐగెన్ విలువలు −0.00475, −0.105. నెమ్మదిగా ఉన్నదే చివరికి మిగులుతుంది కాబట్టి రోగుల సంఖ్య సుమారు 146 రోజులకోసారి సగమవుతుంది. m = 0.2 అయితే ఒక విలువ +0.0084. అప్పుడు సుమారు 82 రోజులకోసారి రెట్టింపవుతుంది. ఈ రెండు చోట్లా లీనియరైజేషన్ జవాబు నమ్మదగ్గదే. మనం పారేసిన x·y ముక్క సున్నా దగ్గర ఎంత చిన్నదంటే, గుర్తును మార్చే శక్తి దానికి లేదు.

సరిగ్గా పదిమందికి ఒక దోమ అయితే?

ఇప్పుడు అసలు చిక్కు. m = 0.1 పెట్టండి. లబ్ధం సున్నా. ఐగెన్ విలువలు 0, −0.11.

సున్నా వచ్చిన దిక్కు ఏదంటే, x = y అనే గీత. సరళ సమీకరణం ఆ గీత మీద ఏం చెబుతోందో చూడండి: నాలుగు శాతం ఉంటే ఎప్పటికీ నాలుగు శాతమే, ఒక శాతం ఉంటే ఎప్పటికీ ఒక శాతమే. పెరగదు, తగ్గదు. పరీక్షల్లో చాలామంది ఇక్కడ "మార్జినల్లీ స్టేబుల్" అని రాసేసి ముందుకెళ్లిపోతారు. సరళ సిస్టమ్ గురించైతే అది నిజమే. కానీ మన ఊరు సరళ సిస్టమ్ కాదు. పక్కన పెట్టిన చిన్న ముక్క ఇక్కడ చిన్నది కాదు, ఎందుకంటే దానికి ఎదురు నిలిచే పెద్ద ముక్కే లేదు. కబడ్డీలో ఇరువైపులా సమానమైన బలమున్నప్పుడు ఆటను తేల్చేది ఒక్క చిన్న కదలికే. ఇక్కడా అంతే.

అయితే ఏం చేయాలి? పారేసినదాన్ని మళ్లీ తెచ్చుకోవాలి. దానికి ఒక చక్కని కిటుకు ఉంది. W = 10x + y అనే కలయిక తీసుకోండి. m = 0.1తో మొదటి లైన్‌ను పదితో గుణించి రెండో దానికి కలిపితే, సరళమైన ముక్కలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది:

```
dW/dt = −0.2·x·y
```

ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సమీకరణం. x, y రెండూ పాజిటివ్ కాబట్టి కుడివైపు ఎప్పుడూ నెగటివ్. W తగ్గుతూనే ఉంటుంది. జబ్బు పోతుంది! లీనియరైజేషన్ "తెలీదు" అన్నచోట, పారేసిన ముక్క "పోతుంది" అని తేల్చింది.

కానీ ఎలా పోతుందో చూడండి, అసలు విషయం అక్కడుంది. −0.11 దిక్కులో కదలిక కొద్ది వారాల్లో చచ్చిపోతుంది. ఆపైన x, y రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. ఆ ఉమ్మడి విలువను z అందాం. W అంటే 11z. కాబట్టి dz/dt ≈ −z²/55. దీన్ని సాధిస్తే z తగ్గేది ఘాతాంకంలా కాదు, 1/t లా. నాలుగు శాతం నుంచి రెండు శాతానికి రావడానికి సుమారు 1,375 రోజులు. అంటే మూడేళ్ల తొమ్మిది నెలలు. రెండు నుంచి ఒకటికి ఇంకో 2,750 రోజులు, అంటే ఏడున్నరేళ్లు. ఒకటి నుంచి అరకు పదిహేనేళ్లు.

m = 0.05 అప్పుడు ప్రతి సగానికీ 146 రోజులే పట్టింది, గుర్తుందా? ఇక్కడ ప్రతి సగానికీ ముందుకన్నా రెట్టింపు కాలం. లీనియరైజేషన్ చెల్లని చోట మనం ఉన్నామని డేటాలో పట్టుకునే గుర్తు ఇదే. సగమయ్యే కాలం మారకుండా ఉంటే ఐగెన్ విలువ పనిచేస్తోందని అర్థం. అది సాగిపోతూ ఉంటే, నడిపిస్తున్నది పారేసిన ముక్క.

అదే జాకోబియన్, వేరే తలరాత

ఇంతవరకు చదివి, "ఓకే, సున్నా వచ్చినా చివరికి మంచే జరుగుతుందన్నమాట" అనుకుంటే తొందరపడినట్టే. సమీకరణాన్ని ఒక్కచోట కొద్దిగా మారుద్దాం.

రాస్ లెక్కలో ఊళ్లో ఒక్కరికి జబ్బున్నా, వందమందికి ఉన్నా కోలుకునే వేగం ఒకటే. నిజంగా అలా ఉంటుందా? రోగులు పెరిగితే ప్రైమరీ హెల్త్ సెంటర్లో క్యూ పెరుగుతుంది, రక్తపరీక్ష రిపోర్టు ఆలస్యమవుతుంది, మందులు అయిపోతాయి. కాబట్టి కోలుకునే వేగాన్ని 0.01 బదులు 0.01/(1 + kx) అనుకుందాం. ఇది నేను పెట్టుకున్న ఊహ. k = 5 అంటే పదిశాతం మందికి జబ్బు ఉన్నప్పుడు కోలుకోవడానికి 100 రోజుల బదులు 150 రోజులు. మరీ అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడు సున్నా దగ్గర లీనియరైజ్ చేయండి. x చిన్నదైతే 1 + 5x అంటే దాదాపు ఒకటే. అంటే జాకోబియన్ మారలేదు. ఒక్క అంకె కూడా మారలేదు. m = 0.1 దగ్గర మళ్లీ అవే ఐగెన్ విలువలు: 0, −0.11. హద్దు కూడా అదే, R0 కూడా అదే.

పారేసిన ముక్కలు మాత్రం మారాయి. కోలుకోవడం తగ్గినందువల్ల 0.01·k·x² అనే కొత్త పాజిటివ్ ముక్క వచ్చింది. మళ్లీ W కట్టి, x ≈ y ≈ z పెడితే:

```
11 · dz/dt ≈ (0.1·k − 0.2) · z²
```

k సున్నా అయితే పాత జవాబే. k రెండు దాటితే గుర్తు తిరగబడుతుంది! k = 5తో కుడివైపు +0.3z². నాలుగు శాతంతో మొదలైన జబ్బు పెరుగుతుంది, కొన్నేళ్లలో ఊళ్లో 60 శాతం మందికి చేరి అక్కడ స్థిరపడుతుంది. k సరిగ్గా 2 అయితే వర్గం ముక్క కూడా సున్నా అవుతుంది, అప్పుడు ఘనం ముక్క దాకా వెళ్లి అడగాలి. రెండు ఊళ్లు, సున్నా దగ్గర ఒకే జాకోబియన్, ఒక ఊళ్లో మలేరియా పోతుంది, ఇంకో ఊళ్లో సగం మందికి పైగా అంటుకుంటుంది. జాకోబియన్‌ను ఎంతసేపు చూసినా ఈ తేడా కనపడదు, ఎందుకంటే ఆ తేడా దానిలో లేదు.

నమ్మకం కుదరకపోతే ఫోన్‌లోనే ఏదైనా ఆన్‌లైన్ పైథాన్ పేజీ తెరిచి ఇది నడపండి:

```python
m, k = 0.1, 0
x = y = 0.04
for day in range(4201):
    if day % 1400 == 0:
        print(day, round(x, 4))
    dx = 0.1*m*y*(1-x) - 0.01*x/(1+k*x)
    dy = 0.1*x*(1-y) - 0.1*y
    x, y = x + dx, y + dy
```

k = 0తో 1,400 రోజుల దగ్గర సుమారు 0.02, 4,200 దగ్గర సుమారు 0.01 కనిపిస్తుంది. k ను 5 చేయండి. చివరి అంకె 0.6 దగ్గర్లో ఉంటుంది.

"మాది సరిగ్గా సున్నా కాదు కదా" అంటే

ఇక్కడ ఒక తెలివైన అభ్యంతరం వస్తుంది. నిజమైన ఊళ్లో m సరిగ్గా 0.1000 ఎందుకుంటుంది? కొంచెం అటో ఇటో ఉంటుంది. అప్పుడు ఐగెన్ విలువ సున్నా కాదు, లీనియరైజేషన్ జవాబు చెబుతుంది. మరి బాధేముంది?

సిద్ధాంతం ప్రకారం నిజమే. ఐగెన్ విలువల్లో దేని వాస్తవ భాగమూ సున్నా కాకపోతే, సమతాస్థితికి తగినంత దగ్గర్లో అసలు సిస్టమ్ సరళ సిస్టమ్ లాగే ప్రవర్తిస్తుందని హార్ట్‌మన్–గ్రోబ్‌మన్ సిద్ధాంతం చెబుతుంది. మెలిక అంతా "తగినంత దగ్గర్లో" అన్న మాటలో ఉంది. ఎంత దగ్గర? దాన్ని లెక్కపెట్టొచ్చు.

m = 0.099 తీసుకోండి. R0 విలువ 0.99. ఐగెన్ విలువ సుమారు −0.00009. నెగటివ్, కాబట్టి స్థిరం. k = 5 ఉన్న ఊళ్లో పారేసిన ముక్క z పెరిగే వేగానికి కలిపేది సుమారు 0.027z. ఈ రెండూ సమానమయ్యేది z = 0.0033 దగ్గర. అంటే ఒక శాతంలో మూడో వంతు! అంతకన్నా తక్కువమందికి జబ్బుంటే చల్లారుతుంది. దానికన్నా కొంచెం ఎక్కువైతే పెరుగుతుంది. "స్థిరం" అన్న సర్టిఫికెట్ చెల్లేది వెయ్యిమంది ఊళ్లో ముగ్గురు రోగుల వరకే. నలుగురు వస్తే అది ఉత్త కాగితం.

కాబట్టి ఐగెన్ విలువ నెగటివా పాజిటివా అని చూసి ఆగకూడదు. దాని పరిమాణాన్ని, మనం పారేసిన ముక్క పరిమాణంతో పోల్చాలి, అదీ మనకు నిజంగా ఎదురయ్యే x దగ్గర. ఐగెన్ విలువ చిన్నదైతే, సున్నా కాకపోయినా, ఆచరణలో అది సున్నా కిందే లెక్క.

ఇంకాస్త కిందకు వెళ్దాం. R0 = 0.9, అంటే m = 0.09. ఈసారి ఉజ్జాయింపు లేకుండా, రెండు లైన్లనూ సున్నాకు సమానం చేసి సాధిస్తే x కు ఇంకో రెండు సమతాస్థితులు దొరుకుతాయి: 0.041, 0.536. మధ్యది అస్థిరం, పైది స్థిరం. మూడు శాతంతో మొదలుపెడితే జబ్బు పోతుంది. ఆరు శాతంతో మొదలుపెడితే ఏళ్ల తరబడి పాకుతూ పాకుతూ 54 శాతానికి చేరుతుంది. పై కోడ్‌లో m మార్చి, రోజులు 20000 చేసి చూడొచ్చు. జబ్బు లేని స్థితి ఇక్కడ నిజంగానే స్థిరం, లీనియరైజేషన్ తప్పు చెప్పలేదు. అది చెప్పింది గోలీ చుట్టూ ఉన్న చిన్న గుంట గురించి మాత్రమే. గుంట ఎంత వెడల్పో, దాని అవతల ఏముందో దానికి తెలియదు.

ఎంత తగ్గిస్తే ఆ పైనున్న ప్రమాదం పూర్తిగా పోతుందో కూడా కట్టొచ్చు. k = 5కి ఆ రెండు సమతాస్థితులు కలిసిపోయి మాయమయ్యేది R0 సుమారు 0.74 దగ్గర. అంటే జబ్బు ఇంకా రాని ఊళ్లో m ను 0.1 కిందకు, కొంచెం జాగ్రత్తతో, ఉంచితే సరిపోవచ్చు. ఇప్పటికే జబ్బు పాతుకుపోయిన ఊళ్లో దాన్ని 0.074 కిందకు దింపాలి. హద్దుకి కొద్దిగా కిందకు తెచ్చి, రెండేళ్లు చూసి, "దోమల్ని తగ్గించినా లాభం లేదు" అని చేతులెత్తేస్తే, ఆ మాట దోమల గురించి ఏమీ చెప్పదు. మియాన్ మీర్‌లో జరిగింది ఇదేనని నేను అనను, అక్కడి గొడవ వేరే. కానీ "ఎంత తగ్గించారో, ఎన్నాళ్లు చూశారో అంకెల్లో చెప్పండి" అన్న రాస్ పట్టుదలకు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

లీనియరైజేషన్ మూగబోయే ఇంకో చోటు

సున్నా ఒక్కటే కాదు. ఐగెన్ విలువలు పూర్తిగా ఊహాసంఖ్యలైతే, అంటే వాస్తవ భాగం సున్నా అయితే కూడా ఇదే కథ. రాస్ సమీకరణాల్లో అది రాదు. మనిషి దోమకు, దోమ మనిషికి, రెండువైపులా పెంచే సంబంధమే కాబట్టి ఐగెన్ విలువలు ఎప్పుడూ వాస్తవ సంఖ్యలే. ఊయల తీసుకుంటే మాత్రం కనిపిస్తుంది. గాలి ఆపే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుందనుకుంటే, సమతాస్థితి దగ్గర లీనియరైజ్ చేయగానే ఆ ముక్క మాయం. సరళ సమీకరణం ఊయల ఎప్పటికీ ఊగుతూనే ఉంటుందంటుంది. నిజంగా అది ఆగుతుంది, చాలా నెమ్మదిగా. ఆ ముక్క గుర్తు మార్చి, అంతే బలంతో వెనక నుంచి తోసేవాళ్లుంటే ఊపు పెరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ జాకోబియన్ ఒకటే.

ఇలాంటి తేలని సందర్భాలున్నాయని, వాటికి పై ముక్కలే దిక్కని రష్యా గణితవేత్త ల్యపునోవ్ 1892లోనే తన థీసిస్‌లో రాశాడు. అంటే బేగంపేటలో దోమ కడుపు తెరవడానికి ఐదేళ్ల ముందే. పైన మనం W కట్టి, అది తగ్గుతూనే ఉంటుందని చూపించాం చూడండి, ఆ పద్ధతి ఆయనదే. రాస్ సమీకరణాల్ని 1912 నుంచి శ్రద్ధగా విప్పి చూసినవాడు ఇంకొకడున్నాడు, ఆల్‌ఫ్రెడ్ లోట్కా. వేటాడే జంతువులు, వేటకు దొరికే జంతువుల సమీకరణాలతో పేరు తెచ్చుకున్న లోట్కాయే. విచిత్రమేమంటే ఆ సమీకరణాల్లో రెండు జాతులూ కలిసి బతికే సమతాస్థితి దగ్గర ఐగెన్ విలువలు పూర్తిగా ఊహాసంఖ్యలే.

చివరగా, ఈ లెక్కలో లేనివి రెండు. దోమ ఒంట్లో పరాన్నజీవి ఎదగడానికి పది రోజులు, అంతకు మించి కూడా పడుతుంది. అప్పటికే చాలా దోమలు చచ్చిపోతాయి. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ దీన్ని లెక్కలోకి తెచ్చాక, దోమల సంఖ్య కన్నా దోమ ఆయుష్షును తగ్గించడమే R0 ను ఎక్కువ పడగొడుతుందని తేలింది. ఇంటి గోడలకు మందు కొట్టడం వెనకున్న లెక్క అదే. రెండోది మన వానాకాలం. m ఒకే అంకె కాదు, జూలైలో ఒకటి, మార్చిలో ఒకటి. అప్పుడు ఒక్క రోజు జాకోబియన్ చూస్తే సరిపోదు, ఏడాది పొడవునా ఒక చుట్టు తిరిగొచ్చాక రోగులు ఎన్ని రెట్లయ్యారో చూడాలి. ఆ రెట్టు ఒకటి కన్నా తక్కువైతే పోతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. సరిగ్గా ఒకటైతే, మళ్లీ పారేసిన ముక్కల్ని వెతుక్కోవాలి.